మూడు గిన్నెలు ఖాళీగా ఉన్న పోపులపెట్టె

మా పిన్ని కూతురికి నిశ్చితార్థం అయింది. అమ్మాయి డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉద్యోగం చేస్తోంది. అబ్బాయి గుజరాతీ, పుట్టి పెరిగింది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. తాంబూలాల ఫోటోలు మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పడ్డ పది నిమిషాలకే అందరిదీ ఒకటే ప్రశ్న: ఏం పంపుదాం? పెద్దమ్మ వెండి కుందులంది. మావయ్య డిన్నర్ సెట్టన్నాడు. నేను మంగళగిరి దుప్పట్ల దగ్గర ఆగాను. మర్నాడు పిల్ల తన పెళ్ళి వెబ్‌సైటు లింకు పంపింది. అందులో ముహూర్తం, హోటలు, ఊళ్ళో చూడదగ్గ చోట్లు, అన్నిటికన్నా చివర ‘రిజిస్ట్రీ’ అని ఒక బొత్తాం ఉన్నాయి. అరగంటలో పిన్ని ఫోన్ చేసింది.

“ఇదేమిటే, కానుకలు ఇన్ని అని ముందే రాసి పెట్టుకుంటారా? తువ్వాళ్ళు కూడా ఉన్నాయందులో! చూసినవాళ్ళు ఏమనుకుంటారు?”

ఏమీ అనుకోరు పిన్నీ, అక్కడ అదే మర్యాద అని సర్దిచెప్పాను. చెప్పానే గానీ, ఆ జాబితా ఉండగా నిశ్చితార్థానికి విడిగా ఏం ఇవ్వాలో నాకూ తెలియలేదు. తెలుసుకోవడానికి రెండు వారాలు పట్టింది. పెళ్ళి కుదిరిన తమ్ముడో, చెల్లెలో, బావో, మరదలో అమెరికాలో ఉన్నవాళ్ళ కోసం ఆ రెండు వారాల సంగతులు రాస్తున్నాను. ఇంగ్లీషులో వీళ్ళందరూ కజిన్లే. మనకు పెదనాన్న పిల్లలు వేరు, మేనత్త పిల్లలు వేరు. ఆ వరసను బట్టే ఎవరు ఏం పెట్టాలన్నది కూడా ఉంటుంది. ఇక్కడ మాత్రం అందరినీ ఒకే గాటన కడతాను, ఎందుకంటే రిజిస్ట్రీకి వరసలు తెలియవు.

రిజిస్ట్రీ కొత్త సంగతేమీ కాదు. 1924లో షికాగోలోని మార్షల్ ఫీల్డ్స్ అనే పెద్ద దుకాణం దీన్ని మొదలుపెట్టిందని చెబుతారు. పెళ్ళికూతురు వచ్చి తనకు నచ్చిన పింగాణీ కంచాల డిజైను, వెండి చెంచాల డిజైను ఎంచుకుంటే దుకాణం వాళ్ళు రాసి ఉంచేవారు. చుట్టాలు వచ్చి ఆ డిజైనులోనే తలా కొన్ని కొనిపెట్టేవారు. అందరూ కొన్నవి కలిస్తే ఒక పూర్తి సెట్టు అవుతుంది. ఇప్పుడు అదే పని ఇంటర్నెట్‌లో జరుగుతోంది. జంట తమకు కావలసినవి ఒక పేజీలో పెడతారు. ప్రతి వస్తువు పక్కనా ఎన్ని కావాలో, ఎన్ని కొన్నారో కనిపిస్తాయి. మీరు ఆ పేజీలోంచి ఒకటి కొనగానే లెక్క మారుతుంది, తర్వాత వచ్చినవాళ్ళకు ‘అయిపోయింది’ అని చూపిస్తుంది. ఖరీదైన వస్తువుకు నలుగురూ కలిసి తలా కొంత వేసే వీలు కొన్నిటిలో ఉంది. కొన్నిటిలో హనీమూన్ నిధి అని డబ్బు వేసే చోటు కూడా ఉంటుంది.

పిన్నికి దీన్ని మన చదివింపులతో పోల్చి చెప్పాను. మనం పెళ్ళిపందిట్లో కూర్చుని, ఎవరెంత చదివించారో పుస్తకంలో రాసుకుంటాం. రేపు వాళ్ళింట్లో పెళ్ళయితే తిరిగి పెట్టాలి కదా. మనది వచ్చిన తర్వాత రాసే పద్దు, వాళ్ళది రాకముందు రాసే పద్దు. “అంతేనా?” అంది పిన్ని. అప్పటికి శాంతించింది.

ఈ పద్దుకు ఒక గుడ్డితనం ఉంది. తన పేజీలో జరిగిన కొనుగోలు మాత్రమే దానికి తెలుస్తుంది. మీరు విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్నదీ, అట్లాంటాలో ఉన్న మావయ్య వేరే దుకాణంలో కొన్నదీ దాని లెక్కలోకి రావు. రెండు కుక్కర్లు, మూడు డిన్నర్ సెట్లు వచ్చిపడేది ఇందుకే. బయట కొన్నా ఆ వస్తువు పక్కన ‘కొనేశాను’ అని గుర్తు పెట్టే బొత్తాం చాలా రిజిస్ట్రీల్లో ఉంటుంది. దాన్ని నొక్కేవాళ్ళు తక్కువ. అందులోనూ నిశ్చితార్థం నాటికి రిజిస్ట్రీ సగమే తయారై ఉంటుంది. ఈ నెల పది వస్తువులుంటాయి, మూడు నెలలు గడిచేసరికి అరవై అవుతాయి. ఇవాళ ఆ పేజీలో కుక్కర్ లేదని మీరు కుక్కర్ కొంటే, వచ్చే నెల వాళ్ళే దాన్ని రాసుకోవచ్చు.

దీన్నిబట్టి నాకు తోచింది ఇది. రిజిస్ట్రీలోని వస్తువులు పెళ్ళి కానుకలకు వదిలేయాలి. అమెరికాలో నిశ్చితార్థం కానుక తప్పనిసరి కాదు. దగ్గరివాళ్ళు ఇస్తే ఇస్తారు, అదీ చిన్నదే. మనం ఎలాగూ పెళ్ళికి మళ్ళీ ఇస్తాం. ఇవాళ జాబితాలోంచి ఒకటి తీసి ఇస్తే పెళ్ళికి వచ్చేవాళ్ళకు ఒకటి తగ్గినట్టే. మొదట అయిపోయేవి చవక వస్తువులు. చివరికి నాలుగు వందల డాలర్ల మిక్సర్ మిగిలి, కొత్తగా ఉద్యోగంలో చేరిన స్నేహితులు దాన్ని చూసి ఇబ్బంది పడతారు.

అలాగని రిజిస్ట్రీని చూడకుండా ఉండకూడదు. కొనడానికి కాదు, చదవడానికి. నేను మా పిల్ల పేజీని వంట పుస్తకం చదివినట్టు చదివాను. పళ్ళాలన్నీ తెలుపు, దుప్పట్లన్నీ బూడిదరంగు. అంటే నేను ఆగిన ఎర్రంచు మంగళగిరి దుప్పటి వాళ్ళ గదిలో నప్పదు. దానికితోడు కొలతల గొడవ ఒకటుంది. అక్కడ క్వీన్ పరుపు 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు. కింగ్ అయితే వెడల్పు 76. వాళ్ళు వాడేది నాలుగు మూలలా ఎలాస్టిక్ ఉండి పరుపును పట్టుకునే దుప్పటి. మన చేనేత దుప్పటి ఎంత బాగున్నా పైన కప్పుకోవడానికే పనికొస్తుంది. ఇంకా చదివితే అందులో ఇనుప పెనం, పెద్ద కత్తుల సెట్టు, కాఫీ గింజలు మరపట్టే యంత్రం ఉన్నాయి. ఇద్దరిలో ఎవరో గట్టిగా వంట చేసేవాళ్ళు ఉన్నారన్నమాట. మా పిల్ల కాదు, అది నాకు తెలుసు.

ఇక్కడ నా పాత తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం మా పెదనాన్న కొడుక్కి నిశ్చితార్థమైతే ఇక్కణ్ణుంచి 750 వాట్ల మిక్సీ పంపాను. మన ఇళ్ళలో కరెంటు 230 వోల్టులు, అమెరికాలో 120. ఆ సంగతి నాకు తెలియక కాదు, తట్టలేదు. అక్కడ ప్లగ్గు పెడితే మిక్సీ మూలిగింది తప్ప అల్లం కూడా నలగలేదు. దాన్ని నడపడానికి వోల్టేజి పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అది మిక్సీకన్నా బరువు. పైగా వాళ్ళ రిజిస్ట్రీలో అప్పటికే ఒక బ్లెండర్ ఉందట, నేను చూడలేదు. ఆర్నెల్ల తర్వాత వీడియో కాల్‌లో వాళ్ళ గరాజు చూపిస్తుంటే షెల్ఫు మీద అట్టపెట్టె కూడా విప్పకుండా కనిపించింది. ఒకసారి విప్పి మళ్ళీ మూసి పెట్టారేమో, నేను అడగలేదు. 110 వోల్టుల మిక్సీలు మన కంపెనీలే తయారుచేసి అమెరికాలో అమ్ముతున్నాయి. ఇవ్వదలుచుకుంటే అక్కడి భారతీయ దుకాణంలోంచి తెప్పించడం నయం.

ఆ మిక్సీకి ఇంకో లోపం ఉంది. దాన్ని నేను పెళ్ళికూతురి కోసం పంపాను. పెళ్ళికొడుక్కి ఒక చొక్కా గుడ్డ పెట్టాను. అంటే ఒకే పార్సిల్లో ఇద్దరికీ రెండు కానుకలు, ఇద్దరిదీ అనదగ్గది ఒక్కటీ లేదు. మన నిశ్చితార్థాల్లో ఇది అలవాటే. మగపెళ్ళివారు అమ్మాయికి చీర పెడతారు, ఆడపెళ్ళివారు అబ్బాయికి బట్టలు పెడతారు. తాంబూలాల రోజున అది సరే. కానీ చుట్టాలం మనం కూడా చీర, వాచీ అని విడివిడిగా పంచితే ఆ జంటకు మనం ఇచ్చింది ఏమీ ఉండదు. జంట వాచీలు, ‘మిస్టర్’ ‘మిసెస్’ అని రాసిన కప్పులు ఈ లోటు తీర్చవు. అవి కూడా రెండు వస్తువులే, ఒక పెట్టెలో పెట్టారంతే.

అందుకని ఈసారి ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాను. ఇద్దరిలో ఒకరు వారం రోజులు ఊళ్ళో లేరనుకుందాం. ఇంట్లో ఉన్నవాళ్ళు ఆ వస్తువును ముట్టుకుంటారా? ఎవరు మిగిలినా ముట్టుకుంటారంటే అది ఇద్దరిదీ. వెండి కుందులు ఈ పరీక్షలో నిలవలేదు. మా పిల్ల పండక్కి దీపం పెడుతుందేమో గానీ, తను లేనప్పుడు ఆ అబ్బాయి పెట్టడు. డిన్నర్ సెట్టు నిలిచింది గానీ, అది రిజిస్ట్రీలో ఉంది.

తర్వాత చేసిన పని సులువైంది. ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగాను. ఏం కావాలని అడగలేదు. అలా అడిగితే ఏమీ వద్దంటారు, లేదా ఆ లింకే మళ్ళీ పంపుతారు. “మొన్న ఆదివారం ఏం చేశారు?” అన్నాను. మా పిల్ల నవ్వింది. “ఏముందక్కా, తను పప్పు వండాడు. వాళ్ళమ్మ చేసినట్టు తియ్యగా. నాకేమో పప్పుచారు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. వండుకుందామంటే కొలతలు రావు. అమ్మని అడిగితే కాస్త చింతపండు, కూసింత ఇంగువ అంటుంది.” సాయంత్రం అబ్బాయితో మాట్లాడాను. నన్ను దీదీ అంటాడు. హిందీ, ఇంగ్లీషు కలిపి అతనూ అదే చెప్పాడు, అటువైపునుంచి. పప్పులో బెల్లం వేస్తే ఆమె మొహం చూడాలి దీదీ, అన్నాడు. వాళ్ళమ్మ కూడా కొలతలు చెప్పదట.

ఇద్దరి ఇళ్ళలోనూ కందిపప్పే. మనవాళ్ళు అందులో చింతపండు పులుసు, ఉల్లిపాయ, ములక్కాడ వేసి ఇంగువతో పోపు పెడతారు. వాళ్ళు బెల్లం, కోకం, వేరుశనగ గుళ్ళు వేసి, పోపులో లవంగం, దాల్చినచెక్క వేస్తారు. తగాదా అంతా పోపు దగ్గరే. కానుక కూడా అక్కడే ఉందనిపించింది. ఒక స్టీలు పోపులపెట్టె కొని, దాంతోపాటు రెండిళ్ళ వంటలూ కొలతలతో రాసిన ఒక నోటుపుస్తకం పంపాలని తేల్చుకున్నాను.

పోపులపెట్టె అమెరికా దుకాణాల రిజిస్ట్రీల్లో ఉండడం అరుదు. మా పిల్ల పేజీలో లేదు. అయినా పేజీని నమ్మకుండా పిన్నిని అడిగాను, ఎందుకో తర్వాత చెప్తాను. దానికి కరెంటు అక్కర్లేదు, సైజుల బాధ లేదు, తెల్ల పళ్ళాల పక్కన స్టీలు నప్పుతుంది. గుజరాతీ ఇళ్ళలో అచ్చం ఇలాంటిదే మసాలా డబ్బో అని ఉంటుంది. గుండ్రటి డబ్బా, లోపల ఏడు చిన్న గిన్నెలు. పేరు వేరు, పెట్టె ఒకటే.

కొనేటప్పుడు చూడవలసినవి రెండే. పై మూత గిన్నెల అంచుల మీదికి సరిగ్గా దిగాలి. మధ్యలో సందు ఉంటే ఆవాలు జీలకర్రలోకీ, పసుపు అన్నిట్లోకీ వెళ్తాయి. దుకాణంలోనే ఒక గిన్నెలో కొన్ని ఆవాలు పోయించి, మూతపెట్టి ఒక పక్కకు వంచి చూడండి, తెలిసిపోతుంది. రెండోది, రేకు పల్చగా ఉండకూడదు. మూతను రెండు బొటనవేళ్ళతో నొక్కితే టప్పుమని లోపలికి పోతే అది ప్రయాణంలో సొట్టపడుతుంది. గాజు మూత అందంగానే ఉంటుంది గానీ పార్సిల్‌కు వద్దు.

పుస్తకం పనే ఎక్కువ పట్టింది. పిన్ని దగ్గర ఎనిమిది వంటలు, అబ్బాయి వాళ్ళమ్మ దగ్గర ఎనిమిది అనుకున్నాం. పిన్ని వైపునుంచి పప్పుచారు, గోంగూర పచ్చడి, గుత్తివంకాయ, పులిహోర, ఉలవచారు లాంటివి. అటునుంచి తీపి పప్పు, దాల్ ఢోక్లీ, థేప్లా, ఖాండ్వీ వగైరా. కొలతల దగ్గర చిక్కు వచ్చింది. పిన్ని ఇప్పటికీ గిద్ద, సోల అంటుంది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఈ లెక్క బాగానే ఉంటుంది గానీ గిద్ద అంటే ఎంతన్నది ఊరికొక తీరు, ఒక్కోసారి ఇంటికొక తీరు. పిన్ని వాళ్ళింటి గిద్దలో అంచుదాకా నీళ్ళు పోసి, మందుల సీసాతో వచ్చే కొలత కప్పుతో కొలిపించాను. అరవై మిల్లీలీటర్లకు కాస్త అటూ ఇటూగా వచ్చింది. అమెరికన్ కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు. అంటే పిన్ని సోల, వాళ్ళ కప్పు దాదాపు ఒకటే. ఇది తేలాక పుస్తకమంతా కప్పుల్లో రాయడం తేలికైంది. ‘నిమ్మకాయంత చింతపండు’ను మాత్రం తూకం వేయాల్సి వచ్చింది. పిన్ని నిమ్మకాయ ముప్ఫై గ్రాములు తూగింది. నా నిమ్మకాయ పాతికే.

అబ్బాయి వాళ్ళమ్మతో మూడు సాయంత్రాలు మాట్లాడాను. మొదటిరోజు ఆవిడ మొహమాటపడింది. రెండోరోజు ఆవిడే స్టవ్ ముందు ఫోన్ నిలబెట్టి చేసి చూపించింది. ఈ పుస్తకం లేకపోతే పెళ్ళిదాకా ఆవిడతో మా ఇంట్లో ఎవరూ పది నిమిషాలు మాట్లాడి ఉండేవారు కాదు. నేను ముందుగా లెక్కవేసుకున్న లాభం కాదిది.

పెట్టెలో ఏడు గిన్నెలు. ఏ గిన్నెలో ఏముండాలన్నది ఇద్దరు తల్లులనీ అడిగాను. పిన్ని లెక్క: ఆవాలు, జీలకర్ర, మెంతులు, పసుపు, మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిర్చి. ఆవిడ లెక్క: ఆవాలు, జీలకర్ర, మెంతులు, పసుపు, కారం, ఇంగువ, ధనియాలు జీలకర్ర కలిపి కొట్టిన పొడి. నాలుగు కలిశాయి. మిగతా మూడూ ఖాళీగా వదిలేసి, పుస్తకం మొదటి పేజీలో రెండు లెక్కలూ పక్కపక్కన రాశాను. ఆ మూడు గిన్నెల్లో ఏం పోసుకుంటారో వాళ్ళిష్టం.

అసలు ఏడు గిన్నెలూ ఖాళీగానే పంపాను. దినుసులు అక్కడే కొనుక్కోమన్నాను. ఎండు మసాలాలు చాలావాటికి అమెరికాలో అభ్యంతరం లేదు గానీ, కరివేపాకు మాత్రం పచ్చిదైనా ఎండుదైనా కస్టమ్స్ వాళ్ళు తీసేసుకుంటారు. నారింజ, నిమ్మ తోటలను పాడుచేసే తెగులు దాని ద్వారా వస్తుందని వాళ్ళ భయం. మీ కజిన్ ఉన్నది గల్ఫ్ అయితే ఇంకో మాట, ఇది మరింత గట్టిగా చెప్పాలి. పెట్టెలో గసగసాలు ఒక్క చెంచా కూడా ఉండకూడదు. ఎమిరేట్స్‌లో అది మాదకద్రవ్యం కింద లెక్క, జైలుదాకా పోతుంది.

పార్సిల్ సంగతి క్లుప్తంగా చెప్తాను. మనిషి మనిషికి పంపే కానుక విలువ 100 డాలర్ల లోపు ఉంటే అమెరికాలో సుంకం పడదు. ఎంత విలువకైనా ఇది చెల్లుతుందని అనుకోకండి. 800 డాలర్ల దాకా ఉండిన పాత మినహాయింపును 2025 ఆగస్టు చివర ఎత్తేశారు. ఫారం మీద కానుక అని రాసి, అసలు విలువే వేయాలి. ఈ నిబంధనలు తరచూ మారుతున్నాయి కాబట్టి పంపే రోజున కొరియర్ వాళ్ళను మళ్ళీ అడగండి. నా పెట్టె, పుస్తకం కలిపి మూడు వేల రూపాయలు దాటలేదు. చివరికి పార్సిల్ అక్కర్లేకుండానే, డల్లాస్ వెళ్తున్న పక్కింటావిడ సూట్‌కేసులో వెళ్ళిపోయింది.

పేరూ తేదీ చెక్కిద్దామని మావయ్య అన్నాడు, నేను ఒప్పుకోలేదు. నిశ్చితార్థం నాటికి ముహూర్తం ఖాయమైనట్టే ఉంటుంది గానీ వీసా వల్లో, హాలు దొరక్కో, అడ్డొచ్చిన ఆషాఢం వల్లో మారుతుంది. అమెరికా మర్యాద ప్రకారం పెళ్ళి ఆగిపోతే నిశ్చితార్థం కానుకలు తిరిగి ఇచ్చేయాలి. పేర్లు చెక్కిన వస్తువు తిరిగొస్తే ఎవరికీ పనికిరాదు. శుభమా అని పెళ్ళి కుదిరితే ఇవేం మాటలు అంటారు, నిజమే. పైకి అనకుండా, చెక్కించకుండా ఊరుకుంటే సరిపోతుంది.

ఇక పిన్నిని ఎందుకు అడిగానన్నది. కజిన్ ఇక్కడే, గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్నవాళ్ళు ‘మాకు రిజిస్ట్రీ బాధ లేదు’ అనుకుంటూ ఉండొచ్చు. ఉంది. అది తల్లి బుర్రలో ఉంటుంది. సారె కోసం ఆవిడ ఎప్పటినుంచో ఒక్కొక్కటీ కొని అటకమీద దాస్తుంది. ఇత్తడి బిందె, స్టీలు సామాను, వెండి కంచం, బీరువా ఏ కంపెనీదో, మంచం ఏ చెక్కో అన్నీ తేల్చుకునే ఉంటుంది. మనం ఆడంబరంగా పట్టుకెళ్ళిన ఇడ్లీ కుక్కర్ ఆవిడ ఎప్పుడో కొన్నదే అయి ఉంటుంది. ‘భలే ఉంది’ అంటూనే అటకమీదికి పంపిస్తుంది. అమెరికాలో పేజీని అడిగినట్టు ఇక్కడ పిన్నినో అత్తనో అడగాలి. ఒక్క ప్రశ్న చాలు: “సారెలో ఏమేం తీసిపెట్టావు?” మా పిన్నీ ఒక పోపులపెట్టె తీసిపెట్టిందేమోనని నా అనుమానం. “పెట్టేదాన్నే, అక్కడ దొరకవా అని ఊరుకున్నా” అంది. బతికిపోయాను.

ఇక్కడ ఉన్నవాళ్ళు డబ్బుగా ఇవ్వదలుచుకుంటే ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. పెళ్ళి సందర్భంగా వచ్చిన కానుకల మీద ఆదాయపు పన్ను లేదు. ఆ మినహాయింపు పెళ్ళికే, నిశ్చితార్థం అందులోకి వస్తుందని చట్టంలో లేదు. బంధువులు ఇచ్చినదానికి ఎప్పుడైనా పన్ను లేదు గానీ, చట్టం రాసిన బంధువుల జాబితాలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తల్లిదండ్రుల తోబుట్టువులు ఉన్నారు, వాళ్ళ పిల్లలు లేరు. పిన్ని ఇస్తే బంధువు, నేను ఇస్తే కాదు. ఇలా బంధువులు కానివాళ్ళ నుంచి ఒక ఏడాదిలో వచ్చిన డబ్బంతా కలిపి 50,000 రూపాయలు దాటితే మొత్తానికీ పన్ను పడుతుంది, దాటిన ముక్కకే కాదు. నలుగురు కజిన్లు తలా ఇరవై వేలు వేస్తే దాటిపోయినట్టే. పెద్ద మొత్తం ఇవ్వాలనుకుంటే పెళ్ళి రోజుదాకా ఆగండి.

పెట్టె చేరిన వారానికి మా పిల్ల ఫోటో పంపింది. మూత తీసి ఉంది. ఆవాలు, జీలకర్ర, మెంతులు, పసుపు సర్దుకున్నాయి. అయిదో గిన్నెలో మినప్పప్పు, ఆరో గిన్నెలో ధనియాల పొడి. ఏడోది ఇంకా ఖాళీగా ఉంది, దాని మీద చర్చ నడుస్తోందట.

పెళ్ళికి మాత్రం నేను రిజిస్ట్రీలోంచే కొన్నాను. నాలుగు బూడిదరంగు తువ్వాళ్ళు, పిన్ని ఆశ్చర్యపోయిన ఆ తువ్వాళ్ళే. డబ్బు కట్టాక పేజీని రెండుసార్లు మళ్ళీ తెరిచి చూశాను, పక్కన ‘అయిపోయింది’ అని పడిందో లేదోనని. పడింది.